మినప్పిండి రుబ్బుతుంటే 750 వాట్ల మిక్సీ మధ్యలో ఆగిపోతోంది. వెయ్యి వాట్లది కొనాలా, జార్లు మార్చాలా?

గుంటూరు కోడలు

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఆరుగురం. వారానికి రెండుసార్లు ఇడ్లీకి, దోశకి పిండి పడుతుంది. నెలకోసారి ధనియాల పొడి, కంది పొడి, నల్లకారం కొట్టుకుంటాను. మిక్సీ 750 వాట్లది, కొని మూడేళ్లు దాటింది.

ఇడ్లీకి అర కిలో మినపగుళ్లు నానబెట్టి పెద్ద జార్లో ఒకేసారి వేస్తాను. నాలుగైదు నిమిషాలకు మోటారు వేడి వాసన వచ్చి ఆగిపోతోంది. కాసేపాగి కింద ఉన్న ఎర్ర బటన్ నొక్కితే మళ్లీ తిరుగుతుంది. పిండి చేతికి బాగా వేడిగా తగులుతోంది, మర్నాటికి సరిగా పొంగడం లేదు. పొడి జార్లో ధనియాలు వేస్తే పొట్టు పొట్టుగానే మిగిలిపోతోంది.

షాపులో అడిగితే వెయ్యి వాట్లది, 304 స్టీలు జార్లున్నది తీసుకోమన్నారు. డబ్బు పెట్టడానికి సిద్ధమే, కానీ కొన్నాక ఇదే బాధ ఉంటే టెన్షన్. చూడాల్సింది వాట్లా, జారు స్టీలా, బ్లేడా?

శ్రీకాకుళం చిన్నోడు

అక్కా, వెయ్యి వాట్లదే తీసుకోండి. ఆరుగురికి 750 చాలదు. మా ఇంట్లో 500 నుంచి నేరుగా వెయ్యికి మారాం, తేడా బాగా తెలుస్తోంది.

జారు స్టీలు చూడటం తేలిక. షాపుకి చిన్న అయస్కాంతం తీసుకెళ్లండి. జారుకి అంటుకోకపోతే అది 304, అంటుకుంటే నాసిరకం. బ్లేడుకి కూడా అదే పరీక్ష చేయండి.

కాయిల్ మాస్టర్

బెజవాడలో మిక్సీలు, ఫ్యాన్లు వైండింగ్ చేసే షాపు నాది. కొత్తది కొనే ముందు నాలుగు సంగతులు చెప్పమ్మా. రుబ్బేటప్పుడు స్పీడు ఎంత మీద పెడతావు? నీళ్లు ఎన్ని పోస్తావు? జారు ఎక్కడిదాకా నిండుతుంది? జారు ఖాళీగా ఉన్నప్పుడు కింద మోటారుకి తగులుకునే కప్లర్ పట్టుకుని చేత్తో తిప్పితే బ్లేడు తేలిగ్గా తిరుగుతోందా, పట్టేసినట్టు ఉందా?

గుంటూరు కోడలు

మోటారుకి భారం కాకూడదని ఒకటో నంబరు మీదే పెడతానండి. ఇడ్లీ పిండి పలచగా ఉండకూడదని నీళ్లు చాలా తక్కువ పోస్తాను. జారు మూత దగ్గరిదాకా నిండుతుంది. ఇప్పుడే చూశాను, చేత్తో తిప్పితే పెద్ద జారు బ్లేడు కొంచెం బిగువుగా కదులుతోంది. చిన్న జారుది తేలిగ్గానే ఉంది.

కాయిల్ మాస్టర్

మోటారు సంగతి ముందు చెప్తాను, మిగతావి దాన్నిబట్టి తేలతాయి.

మిక్సీ మోటారు ఖాళీగా తిరిగితే నిమిషానికి 18,000 చుట్ల దాకా వెళ్తుంది. బరువు పడితే వేగం పడిపోతుంది, వేగం పడే కొద్దీ ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ మోటార్ల తీరే అంత. దాన్ని చల్లబరిచే ఫ్యాను కూడా అదే షాఫ్టుకి ఉంటుంది. అంటే మోటారు ఎక్కువ వేడెక్కుతున్న సమయంలోనే గాలి తగ్గిపోతుంది. గట్టి పిండి, నిండు జారు, ఒకటో నంబరు ఈ మూడూ కలిస్తే ఏ మోటారైనా నాలుగైదు నిమిషాలకు ఆగాల్సిందే. ఎర్ర బటన్ పడిపోవడం లోపం కాదు, కాయిల్ మీది వార్నిష్ కాలిపోకుండా కాపాడటం. అసలు పడకపోతే నా షాపుకి వచ్చేది కాలిపోయిన ఆర్మేచర్.

ఒకటో నంబరు మోటారుకి తేలిక అని చాలామంది అనుకుంటారు. ఒకటిలో మోటారుకి అందే బలమే తక్కువ. పప్పు చెదిరి, నీటితో కలిసేదాకా ఒకటి, అంటే పది పదిహేను సెకన్లు. ఆ తర్వాత రెండు, మూడు మీదే రుబ్బాలి. జారు సగానికి పైన నింపొద్దు. నీ అర కిలో పప్పుకి రెండు వాయిలు తప్పవు, మూడైతే ఇంకా మంచిది.

వాట్ల మీద ఒక మాట. 750 అంటే కరెంటు లాగేది, బ్లేడు దగ్గరికి చేరే బలం కాదు. అందులో సగం దాకా మోటారులోనే వేడిగా పోతుంది. వెయ్యి వాట్లది కొని ఇదే పద్ధతిలో రుబ్బితే అది ఆగకుండా తిరుగుతుందేమో గానీ, పిండి ఇంకా త్వరగా వేడెక్కుతుంది.

ఒంగోలు సైన్సు మాస్టారు

కాయిల్ మాస్టర్ గారు చెప్పిన చివరి మాటను లెక్క కట్టి చూపిస్తాను. మా పిల్లలకి వేడి పాఠం చెప్పేటప్పుడు ఇలాంటి లెక్కలే ఇస్తాను.

అర కిలో మినపగుళ్లు నానితే బరువు రెట్టింపు దాటుతుంది. నీళ్లతో కలిపి జార్లో సుమారు 1.4 కిలోల పిండి అనుకుందాం. మిక్సీ ఆ సమయంలో 600 వాట్లు లాగుతోందని, అందులో సగం, అంటే 300 వాట్లు, బ్లేడు ద్వారా పిండిలోకి వెళ్తోందని అనుకుందాం. బ్లేడు చేసిన పని అంతా చివరికి పిండిలో వేడిగానే మిగులుతుంది. 5 నిమిషాలంటే 300 సెకన్లు, అంటే 90,000 జౌళ్లు. ఎక్కువ భాగం నీళ్లే ఉన్న అలాంటి పిండి ఒక కిలో ఒక డిగ్రీ పెరగడానికి దాదాపు 3,400 జౌళ్లు కావాలి. మన 1.4 కిలోలకు 4,760. భాగిస్తే దాదాపు 19 డిగ్రీలు. 30 దగ్గర మొదలైన పిండి 49 దగ్గర ఆగుతుంది.

పిండిని పులిపించే సూక్ష్మజీవులకు 30 చుట్టుపక్కల బాగుంటుంది. 45 దాటిన పిండిలో అవి దెబ్బతింటాయి. అందుకే కోడలు గారి పిండి పొంగడం లేదు.

ఇప్పుడు ఐసు వేస్తే చూడండి. 100 గ్రాముల ఐసు కరగడానికే 33,000 జౌళ్లు తీసుకుంటుంది, కరిగిన నీరు 30 డిగ్రీలకి చేరడానికి మరో 12,500. అంటే ఆ 90,000లో సగం ఐసే మింగేస్తుంది. నీళ్లలో ఆ 100 గ్రాములు తగ్గించుకుంటే చిక్కదనం మారదు.

కోనసీమ రుచులు

మాస్టారు లెక్క బాగుంది. నేను ఐసు ముక్కలు నేరుగా వేయను, చప్పుడు ఎక్కువ వస్తుంది, బ్లేడు మీద కూడా దెబ్బ పడుతుంది. పప్పు నానాక ఆ గిన్నెనే ఫ్రిజ్‌లో గంట పెట్టి, చల్లటి నీళ్లతోనే రుబ్బుతాను. ఇడ్లీకి పిండి చేతిలోకి తీసి గిన్నెలో నీళ్లలో వేస్తే తేలాలి. అది తేలిందంటే గాలి పట్టినట్టు. ఇడ్లీ రవ్వ విడిగా కడిగి పిండుకుని చేత్తో కలుపుతాను. రవ్వని మిక్సీలో తిప్పాల్సిన పనే లేదు, కాబట్టి మోటారుకి భారమంతా మినప్పిండి దగ్గరే.

దోశకి బియ్యం రుబ్బేవాళ్లకి పెద్ద జారే కావాలి. బియ్యం గట్టిది, పప్పుకంటే ఎక్కువ నలగాలి.

న్యూజెర్సీ శ్రీమతి

నాకూ ఇదే సందేహం, అందుకే అడుగుతున్నాను. మేము ఇక్కడ ఎడిసన్‌లో ఉంటాం. ఇక్కడ 120 వోల్టులు. అమ్మ వస్తూ 750 వాట్ల మిక్సీ తెస్తానంటోంది. 60 హెర్ట్జ్ వల్ల మోటారు పాడవుతుందా? స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్ ఎంతది తీసుకోవాలి?

కాయిల్ మాస్టర్

అమ్మా, మిక్సీలో ఉండేది బ్రష్షులున్న మోటారు, దానికి 50 అయినా 60 అయినా ఒకటే. సమస్య అంతా వోల్టేజిదే. 750కి కనీసం 1,500 వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, ఎందుకంటే మొదలయ్యే క్షణంలో కరెంటు బాగా ఎక్కువ లాగుతుంది. అది బరువైన ఇనప పెట్టె, వంటగదిలో అడ్డం. అదే డబ్బుకి 110 వోల్టుల మోడల్ అక్కడే దొరుకుతుంది, అది తీసుకో. ఇక్కడి నుంచి తెస్తే జార్లు మాత్రం తెప్పించుకో, అదీ అదే కంపెనీ, అదే కప్లర్ అయితేనే.

ఇక కోడలు గారి బ్లేడు బిగువు సంగతి. రుబ్బాక కడిగేటప్పుడు పిండి కింద సీలు దాటి, బ్లేడు ఇరుసు తిరిగే బుష్‌లోకి దిగుతుంది. ఎండితే బంకలా పట్టేస్తుంది. మర్నాడు స్విచ్ వేయగానే మోటారు బిగుసుకున్న బ్లేడుని తిప్పాలి, దానికి ముందు కప్లర్ పళ్లు ఊడిపోతాయి. కప్లర్ ఊడటం మంచిదే, ఎందుకంటే అది తెగకపోతే ఆ దెబ్బ మోటారు మీద పడుతుంది. అందుకే రబ్బరు కప్లర్ తక్కువ ధరకి దొరికేలా చేశారు.

పని అయిపోయిన వెంటనే సగం జారు నీళ్లు, రెండు చుక్కల సబ్బు వేసి కొన్ని సెకన్లు తిప్పి, జారు బోర్లించి ఆరబెట్టండి. తిరగకముందు ప్రతిసారీ చేత్తో తిప్పి చూడండి. తిరిగేటప్పుడు జారు కిందినుంచి నల్లటి నీరు కారినా, బ్లేడు పట్టుకుని పక్కకి కదిపితే గడగడలాడినా బుష్ అరిగినట్టే. ఆ నల్లటిది లోహం పొడి, గ్రీజు కలిసినది. పచ్చడిలో పడనివ్వకండి. బుష్, సీలు, బ్లేడు సెట్టు కలిపి మార్చడం పది నిమిషాల పని, జారు పారేయక్కర్లేదు.

గుంటూరు కోడలు

చాలా థాంక్స్ అండీ. జారు కింద వేడి నీళ్లలో నానబెట్టి తిప్పాను, బిగువు కొంత తగ్గింది. కానీ బ్లేడు కదిపితే కాస్త ఆడుతోంది. అంటే బుష్ పోయినట్టేనా? ధనియాలు పొట్టుగా మిగలడం కూడా అదే కారణమా?

కాయిల్ మాస్టర్

ఒక వెంట్రుక మందం ఆడటం మామూలే. మొన మీద కంటికి కనిపించేంత ఆడితే మార్చాలి. ధనియాలది వేరే కారణం. అది పొడి జారు కదా, అందులో ఎన్ని ధనియాలు వేస్తున్నావు, ఎంత వేయించి?

గుంటూరు కోడలు

పావు కిలో వేయించి, వేడి వేడిగానే వేసేస్తాను. జారు దాదాపు నిండుతుంది.

కోనసీమ రుచులు

అక్కడే చిక్కు. వేయించినవి పూర్తిగా చల్లారాలి. వేడివి మూత పెట్టి తిప్పితే ఆవిరి మూతకి పట్టి పొడి తడిసి ముద్దలు కడుతుంది. జారు నిండా వేస్తే పైవి కదలవు, బ్లేడు చుట్టూ గుంత పడి ఖాళీగా తిరుగుతుంది. చప్పుడు ఒక్కసారిగా సన్నగా మారితే ఆ గుంత పడినట్టే. ఆపి, గరిటె కాడతో కదిపి మళ్లీ పెట్టాలి. జారులో మూడో వంతు వేస్తే చాలు. అలాగని మరీ గుప్పెడే వేసినా బ్లేడుకి అందక పైకి ఎగిరి గోడలకి అంటుకుంటాయి.

మూడు నాలుగు సెకన్ల చొప్పున ఆపి ఆపి తిప్పండి. మిరపకాయలకైతే తప్పనిసరి. 150 గ్రాముల పొడి 1.4 కిలోల పిండిలా వేడిని ఓర్చుకోదు, నిమిషం ఆగకుండా తిప్పితే వాసన పోతుంది, రంగు కూడా మాడినట్టు అవుతుంది. ఇక పసుపు కొమ్ములు మిక్సీలో వేయకండి. రోట్లో దంచి చిన్న ముక్కలు చేసినా పూర్తి బరువు బ్లేడు మీదే పడుతుంది. మా ఊళ్లో గిర్నీకే పంపిస్తాం.

శ్రీకాకుళం చిన్నోడు

అయితే బ్లేడు పదును తగ్గి ఉండొచ్చు కదా? గుప్పెడు రాళ్ల ఉప్పు వేసి తిప్పితే పదును వస్తుంది. మా అమ్మ ప్రతి నెలా అదే చేస్తుంది. కోడిగుడ్డు పెంకులు కూడా వేస్తారు.

ఒంగోలు సైన్సు మాస్టారు

బాబూ, ఉప్పు బ్లేడు స్టీలు కంటే చాలా మెత్తనిది, గుడ్డు పెంకూ అంతే. మెత్తది గట్టిదాన్ని సానపట్టలేదు. మీ అమ్మగారికి తేడా కనపడటం నిజమే అయ్యుండొచ్చు. బ్లేడు అంచుకి పట్టిన జిగురు, ఎండిన మసాలా ఆ ఉప్పు రాపిడికి ఊడిపోతుంది, అంచు బయటపడుతుంది. అది శుభ్రం చేయడమే. తర్వాత ఉప్పు వదలకుండా బాగా కడిగి ఆరబెట్టకపోతే తుప్పుకి దారి.

అయస్కాంతం సంగతి కూడా కొంచెం సరిచూడాలి. 304 స్టీలులో నికెల్ సుమారు 8 శాతం ఉంటుంది, అది మామూలుగా అయస్కాంతానికి అంటుకోదు. కానీ 202 రకంలో నికెల్ తగ్గించి మాంగనీస్ కలుపుతారు, అదీ అంటుకోదు. కాబట్టి అంటుకోకపోవడం 304కి రుజువు కాదు. బ్లేడు విషయంలో మాత్రం తలకిందులు. ఉష్ణశుద్ధి చేసి గట్టిపరిచే 420 లాంటి స్టీలుకి అయస్కాంతం అంటుకుంటుంది, అంచు ఎక్కువకాలం నిలుస్తుంది. 304ని అలా గట్టిపరచలేం, త్వరగా మొద్దుబారుతుంది. పొడులు ఎక్కువ కొట్టేవాళ్లకి అంటుకునే బ్లేడే మంచిది.

శ్రీకాకుళం చిన్నోడు

మాస్టారూ, బ్లేడు సంగతి ఒప్పుకుంటా. జారుకి మాత్రం అయస్కాంతం తప్ప వేరే దారి లేదు కదా మామూలు కొనేవాళ్లకి. అంటుకునే జారుని వదిలేయడం ఎలాగూ మంచిదే.

కాయిల్ మాస్టర్

పాత స్టీలు సామాన్లు కొనేవాళ్ల దగ్గర చిన్న సీసాలో మందు ఉంటుంది. రెండు చుక్కలు వేసి బ్యాటరీ తాకిస్తే మాంగనీస్ ఎక్కువున్న స్టీలు మీద ఎర్రగా తిరుగుతుంది. షాపులో కొత్త జారు మీద వేయనివ్వరు, మచ్చ పడుతుంది. కాబట్టి షాపులో తేల్చుకోవడం కష్టమే, చిన్నోడి మాట కొంత నిజం.

కానీ 202 జారు ఏం చేస్తుందో కూడా చెప్పాలి. పిండికి, పొడులకి అయితే ఏమీ కాదు. ఉప్పు, చింతపండు కలిసిన పచ్చడికే తేడా. పండుమిరప పచ్చడి సీజన్లో రాత్రంతా జారులో వదిలేసిన వాళ్ల జార్లు అడుగున సూదిమొనంత గుంటలు పడి వస్తాయి. 304 అయినా రాత్రంతా ఉప్పులో వదలకూడదు, కాకపోతే తట్టుకునేది ఎక్కువ. అడుగు అల్యూమినియం ఉన్న పాత జార్లయితే ఇంకా ఘోరం, పులుపు తగిలి నల్లగా మారుతుంది.

పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ జార్లని పొడికి వాడకండి. ధనియాలు గీతలు పెడతాయి, లవంగాల నూనె తగిలి మసకబారి చిన్న చిన్న చీలికలు వస్తాయి. అవి జ్యూసులకే.

న్యూజెర్సీ శ్రీమతి

ఇక్కడ గాజు జారు బ్లెండర్లున్నాయి, అందులో కొబ్బరి చట్నీ బాగానే వస్తుంది. 1,500 వాట్లని రాసి ఉంది. అందులో ఇడ్లీ పిండి రుబ్బొచ్చా?

కోనసీమ రుచులు

బ్లెండర్ జారు అడుగు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. జ్యూసుకి అది బాగుంటుంది. చిక్కటి పిండి పైనుంచి బ్లేడు మీదికి దిగదు. నీళ్లు ఎక్కువ పోస్తేనే తిరుగుతుంది, ఇడ్లీ పలచబడుతుంది. మన పెద్ద జారుకి అడుగు వెడల్పు, గోడలకి నిలువు గాట్లు ఉండేది పిండిని తిరిగి బ్లేడు మీదికి తోయడానికే. దోశకైతే ఆ బ్లెండర్ పనికొస్తుంది, ఇడ్లీకి కష్టం.

గుంటూరు కోడలు

మీరందరూ చెప్పినట్టు చేశాను. పప్పు ఫ్రిజ్‌లో పెట్టి, రెండు వాయిలుగా, సగం జారుకే, ముందు ఒకటి, తర్వాత మూడు మీద. ఒక వాయికీ ఇంకోదానికీ మధ్య కాస్త ఆపాను. బటన్ పడలేదు. పిండి చేతికి గోరువెచ్చగా కూడా లేదు, రాత్రికి బాగా పొంగింది, గిన్నె మార్చాల్సి వచ్చింది.

పెద్ద జారుకి బుష్ సెట్టు మార్పించాను. పొడి జారుకి బ్లేడు మార్పించాను, అయస్కాంతం అంటుకునేది అడిగి తెచ్చుకున్నాను. ధనియాలు చల్లారాక మూడో వంతు వేస్తే మెత్తగా వచ్చాయి. కానీ బ్లేడు కొత్తది కావడం వల్లో, తక్కువ వేయడం వల్లో తెలియడం లేదు.

కాయిల్ మాస్టర్

పాత బ్లేడు దాచి ఉంటే అదే కొలత ధనియాలతో ఒకసారి బిగించి చూస్తే తెలుస్తుంది. నేను మాత్రం ఎక్కువ భాగం తక్కువ వేయడం వల్లే అంటాను. ఆ కొత్త బ్లేడుని కడిగాక తడి మీద వదలకు, తుప్పు చుక్కలు పడతాయి.

శ్రీకాకుళం చిన్నోడు

అయితే వెయ్యి వాట్లది ఎవరికి కావాలి మాస్టారూ? ఊరికే అమ్ముతారా?

కాయిల్ మాస్టర్

పెళ్లిళ్లకి, చిన్న టిఫిన్ బండికి, రోజూ రెండు మూడు కిలోలు రుబ్బేవాళ్లకి అవసరమే. వోల్టేజి తక్కువుండే ఊళ్లలో కూడా కొంచెం మేలు, 180కి పడిపోతే 500 వాట్లది గట్టి పిండిలో నిలబడిపోతుంది. రోజూ ఐదు కిలోలు పైన అయితే మిక్సీ కాదు, రాళ్లున్న వెట్ గ్రైండరే. అది నెమ్మదిగా తిరుగుతుంది, పిండి వేడెక్కదు. కోయంబత్తూరు గ్రైండర్లకి పేరొచ్చింది ఊరికే కాదు. కోడలు గారి ఇంటికి మాత్రం 750 సరిపోతుంది.

ఒంగోలు సైన్సు మాస్టారు

వెయ్యి వాట్లది కొనేవాళ్లు ఇంట్లో సాకెట్ కూడా చూసుకోండి. 230 వోల్టుల దగ్గర నాలుగున్నర ఆంపియర్ల దాకా లాగుతుంది, మొదలయ్యేటప్పుడు ఇంకా ఎక్కువ. పాత ఇళ్లలో వదులైన 6 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి ప్లగ్ కరిగినవి చూశాను. బిగువుగా ఉన్న సాకెట్ అయితే చాలు, ఎక్స్‌టెన్షన్ బోర్డు మాత్రం వద్దు.

గుంటూరు కోడలు

మంచి మాట చెప్పారు మాస్టారూ, మాది ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదే ఉంది. మారుస్తాను. పండుమిర్చి వచ్చే నెల నుంచి దొరుకుతుంది, పచ్చడికి ఏ జారు వాడాలో అప్పుడు మళ్లీ అడుగుతాను. నా జార్లు 304నో కాదో ఇంకా తేలలేదు.

కోనసీమ రుచులు

తేలేదాకా పచ్చడి నూరి వెంటనే జాడీలోకి తీసెయ్యండి, చింతపండు, ఉప్పు చివర్లో కలపండి. జారులో ఉండేది రెండు నిమిషాలే అయితే ఏ స్టీలైనా సరే.